వీఏఆర్ రివ్యూ మొదలైతే ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి

వారాంతంలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్ అయిందంటే చాలు, వీఏఆర్ గురించి, అంటే వీడియో చూసి రిఫరీకి సాయపడే వీడియో అసిస్టెంట్ రిఫరీ గురించి, ఫోన్‌కి మూడు రకాల ప్రశ్నలు వస్తాయి. "అంత స్పష్టంగా ఫౌల్ కనిపిస్తుంటే వీఏఆర్ ఎందుకు కలగజేసుకోలేదు?", "నిన్న ఇచ్చిన పెనాల్టీ ఇవాళ ఎందుకు ఇవ్వలేదు?", "రిఫరీ ఒకసారి స్క్రీన్ దగ్గరికి పరుగెత్తుతాడు, ఇంకోసారి ఉన్నచోటే నిలబడి గోల్ రద్దు చేసేస్తాడు, ఎందుకు?" ఈ మూడింటికీ జవాబు నిబంధనల్లోనే ఉంది. కాకపోతే టీవీలో ఎవరూ దాన్ని వరసగా చెప్పరు. ఇది ఆ వరస. మ్యాచ్ చూస్తూ ఒక్కో మెట్టు పట్టుకుని వెళ్తే చాలు.

ఇక్కడ చెప్పేవన్నీ 2025-26 సీజన్ నిబంధనలు. ఆట నియమాలు రాసే ఐఎఫ్‌ఏబీ అనే సంస్థ ఏటా సవరణలు చేస్తుంది. అవి సాధారణంగా జులై 1 నుంచి అమల్లోకి వస్తాయి. అందుకే కొత్త సీజన్ మొదలయ్యేటప్పుడు మీరు చూసే టోర్నీ ఏ నియమాలతో ఆడుతోందో ఒకసారి చూసుకోండి.

## 1. ముందు డీఆర్‌ఎస్‌ని పక్కన పెట్టండి

మనమంతా క్రికెట్ చూసి పెరిగినవాళ్లం. రివ్యూ అనగానే కెప్టెన్ చేతులతో 'టీ' గుర్తు చూపించడం, థర్డ్ అంపైర్ తీర్పు చెప్పడం గుర్తొస్తాయి. ఆ అలవాటుతో వీఏఆర్‌ని చూస్తే మొదటి అడుగులోనే తప్పుదారి పడతాం.

ఫుట్‌బాల్‌లో ఏ జట్టుకీ రివ్యూ అడిగే హక్కు లేదు. అడిగితే పైగా ఎల్లో కార్డ్ పడొచ్చు: రిఫరీ ముందు గాల్లో టీవీ బొమ్మ గీస్తూ అతి చేసే ఆటగాడికి కార్డ్ చూపించమని నిబంధనల్లోనే ఉంది. కోచ్‌లు కార్డ్ చూపించి రివ్యూ అడిగే వేరే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అంటారు. అది వీఏఆర్ కాదు.

రెండో తేడా ఇంకా ముఖ్యం. థర్డ్ అంపైర్ తన తీర్పు తానే చెబుతాడు. వీఏఆర్ గదిలో కూర్చున్న వ్యక్తి సిఫార్సు మాత్రమే చేస్తాడు. రివ్యూ మొదలుపెట్టాలా వద్దా, చివరికి ఏ నిర్ణయం ఇవ్వాలి అన్నవి రెండూ మైదానంలో ఉన్న రిఫరీ చేతిలోనే ఉంటాయి.

మ్యాచ్ చూడటానికి కూర్చునే ముందు గుర్తు పెట్టుకోవాల్సిన మనుషులు వీళ్లు:

- మైదానంలోని రిఫరీ, ఇద్దరు అసిస్టెంట్ రిఫరీలు (మనం లైన్స్‌మెన్ అనేవాళ్లు).
- వీఏఆర్. ఇది గది పేరో యంత్రం పేరో కాదు, ఒక మనిషి. అతనూ రిఫరీయే.
- ఏవీఏఆర్, అంటే అతని సహాయకుడు. వీఏఆర్ ఒక సీన్‌ని వెనక్కి తిప్పి చూస్తుంటే ఇతను లైవ్ ఆటను గమనిస్తుంటాడు.
- రీప్లే ఆపరేటర్. ఏ కెమెరా, ఏ కోణం, ఎక్కడ ఆపాలి అన్నది ఇతని పని. ఇతను రిఫరీ కాదు. ఈ విషయం గుర్తుంచుకోండి, ఆరో మెట్టులో పనికొస్తుంది.

ప్రీమియర్ లీగ్‌లో ఈ గది స్టేడియంలో ఉండదు. అన్ని మ్యాచ్‌లకీ లండన్ పశ్చిమాన ఉన్న స్టాక్‌లీ పార్క్ నుంచే పని నడుస్తుంది.

## 2. మైదానంలో ఇచ్చిన నిర్ణయం ఏమిటో పట్టుకోండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

రిఫరీ "నాకు సరిగ్గా కనిపించలేదు, మీరే చూసి చెప్పండి" అనడానికి వీల్లేదు. వీఏఆర్ లేనట్టే ఏదో ఒక నిర్ణయం ముందు తీసుకోవాలి. విజిల్ ఊదకుండా ఆట సాగనిస్తే, అదీ నిర్ణయమే: "ఫౌల్ లేదు" అని.

వీఏఆర్ ఆ తర్వాత వేసుకునే ప్రశ్న "సరైన నిర్ణయం ఏది?" అని కాదు. "ఇచ్చిన నిర్ణయం స్పష్టంగా, ఎవరు చూసినా తెలిసేంత తప్పా? లేక రిఫరీకి అసలు కనిపించకుండా పోయిన పెద్ద సంఘటనా?" అని. ఈ రెండు ప్రశ్నల మధ్య చాలా దూరం ఉంది.

ఉదాహరణకి పెనాల్టీ బాక్సులో ఒక డిఫెండర్ కాలు ఫార్వర్డ్ కాలికి తగిలింది. తగలడం నిజం, కానీ గట్టిగా కాదు. పదిమంది రిఫరీలకి చూపిస్తే ఐదుగురు పెనాల్టీ అంటారు, ఐదుగురు కాదంటారు. మైదానంలో రిఫరీ పెనాల్టీ ఇస్తే వీఏఆర్ దాన్ని కదపడు. ఇవ్వకపోయినా కదపడు. ఒకే ఫౌల్, రెండు ఫలితాలు, రెండుసార్లూ వీఏఆర్ చేసింది సరైనదే. "నిన్న ఇచ్చారు, ఇవాళ ఎందుకివ్వలేదు" అన్న ప్రశ్నకి చాలాసార్లు ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

ప్రీమియర్ లీగ్ 2024-25 నుంచి దీన్నే 'రిఫరీస్ కాల్' అని పిలవడం మొదలుపెట్టింది. పేరు క్రికెట్‌లోని అంపైర్స్ కాల్‌లా ఉంది కానీ పోలిక సగమే. అక్కడ బంతిలో ఎంత భాగం వికెట్‌కి తగులుతుందో లెక్క ఉంది. ఇక్కడ ఏ లెక్కా లేదు. గదిలో ఉన్న మనిషి అంచనా ఒక్కటే ఉంది.

కాబట్టి సంఘటన జరిగిన వెంటనే రీప్లే కోసం చూడకండి. ముందు రిఫరీ చేతిని చూడండి, లైన్స్‌మన్ జెండాను చూడండి. ఏం ఇచ్చారో మనసులో అనుకోండి. ఆ తర్వాతే రీప్లే.

## 3. విషయం వీఏఆర్ పరిధిలో ఉందా?

నాలుగు రకాల విషయాల్లోనే వీఏఆర్ రివ్యూ చేయించగలడు:

- గోల్ అయిందా, కాలేదా. గోల్‌కి ముందు అదే దాడిలో ఆ జట్టు చేసిన ఫౌల్, హ్యాండ్‌బాల్, ఆఫ్‌సైడ్, బంతి బయటికి వెళ్లడం, అన్నీ ఇందులోకే వస్తాయి.
- పెనాల్టీ ఇవ్వాలా, వద్దా. ఫౌల్ బాక్సు లోపల జరిగిందా బయటా అన్నది కూడా.
- నేరుగా ఇచ్చే రెడ్ కార్డ్.
- ఒకరు చేసిన తప్పుకి ఇంకొకరికి కార్డ్ చూపించడం.

ఇందులో ఏముందన్న దానికంటే ఏం లేదన్నదే ఎక్కువ గొడవ తెస్తుంది. మామూలు ఎల్లో కార్డ్ లేదు. రెండో ఎల్లోతో వచ్చే రెడ్ లేదు. మైదానం మధ్యలో ఇచ్చిన ఫ్రీ కిక్ లేదు. తప్పుగా ఇచ్చిన కార్నర్, దాని నుంచి గోల్ పడినా సరే, లేదు. రెండో ఎల్లోతో వచ్చే రెడ్, తప్పు కార్నర్, ఈ రెండూ అభిమానులకి ఎంత కడుపు మంటగా ఉంటాయో తెలిసిందే. ఆ సీజన్‌లో నిబంధనలు మార్చాలన్న చర్చ కూడా ఎక్కువగా వీటి చుట్టూనే తిరిగింది.

ఒక మెలిక ఉంది. రిఫరీ ఎల్లో ఇచ్చాడు, కానీ ఆ ట్యాకిల్ నిజానికి రెడ్ స్థాయిది అని వీఏఆర్‌కి అనిపిస్తే కలగజేసుకోవచ్చు. ఎందుకంటే అక్కడ ప్రశ్న ఎల్లో గురించి కాదు, ఇవ్వకుండా వదిలేసిన నేరు రెడ్ గురించి.

## 4. చెక్ వేరు, రివ్యూ వేరు

టీవీ వాళ్లు రెండు మాటల్నీ కలిపేస్తారు. మీరు విడదీసి పెట్టుకోండి.

చెక్ అనేది గదిలో నిరంతరం జరిగే పని. ప్రతి గోల్, బాక్సులో ప్రతి పెద్ద తోపులాట, రెడ్ కార్డ్ అనుమానం వచ్చే ప్రతి ట్యాకిల్ చెక్ అవుతాయి. చాలావరకు మనకి తెలియకుండానే, ఆట ఆగకుండానే అయిపోతాయి. "వీఏఆర్ చూడనే లేదు" అన్న మాట అందుకే దాదాపు ఎప్పుడూ నిజం కాదు. చూశారు, కదపాల్సినంత తప్పు కాదనుకున్నారు.

చెక్‌లో ఏదైనా దొరికితేనే రివ్యూ. వరస ఇలా ఉంటుంది:

1. సంఘటన జరుగుతుంది, రిఫరీ నిర్ణయం ఇస్తాడు.
2. వీఏఆర్ చెక్ చేస్తాడు. ఆట మళ్లీ మొదలవ్వాల్సి ఉంటే రిఫరీ ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టి, రెండో చెయ్యి చాచి ఆపుతాడు. అది "చెక్ నడుస్తోంది" అని, అంతే. రివ్యూ కాదు.
3. తప్పేమీ లేకపోతే "చెక్ కంప్లీట్" అని చెవిలో చెబుతారు, ఆట మొదలవుతుంది.
4. తప్పుందనిపిస్తే వీఏఆర్ రివ్యూ సిఫార్సు చేస్తాడు. రిఫరీ ఒప్పుకుంటే గాల్లో చేతులతో టీవీ చతురస్రం గీస్తాడు. ఇక్కడ రివ్యూ మొదలు.
5. రిఫరీ స్క్రీన్ చూస్తాడు, లేదా గది నుంచి వచ్చిన సమాచారం తీసుకుంటాడు.
6. మళ్లీ టీవీ చతురస్రం గీసి, తుది నిర్ణయం చెబుతాడు.

కొన్ని టోర్నీల్లో రిఫరీ మైక్‌లో స్టేడియం మొత్తానికి కారణం చెబుతున్నాడు. 2023 మహిళల ప్రపంచకప్ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

ఇంత సమయంలోపు తేల్చాలి అన్న గడువు మాత్రం ఎక్కడా లేదు. వేగం కంటే కచ్చితత్వం ముఖ్యం అని నిబంధన. మధ్యలో పోయిన సమయాన్ని అదనపు నిమిషాల్లో కలుపుతారు.

## 5. స్క్రీన్ దగ్గరికి ఎప్పుడు వెళ్తాడు?

కొలిచి చెప్పగలిగే విషయమైతే రిఫరీ వెళ్లాల్సిన పనిలేదు. ఆటగాడు ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నాడా, బంతి గీత దాటిందా, ఫౌల్ బాక్సు లోపలా బయటా లాంటివి గదిలోనే తేలిపోతాయి. అభిప్రాయంతో ముడిపడినదైతే, అంటే ట్యాకిల్ ఎంత ప్రమాదకరం, చెయ్యి సహజంగా ఉందా, ఆఫ్‌సైడ్‌లో నిలబడ్డవాడు గోల్‌కీపర్‌కి అడ్డొచ్చాడా లాంటివైతే రిఫరీనే వెళ్లి చూస్తాడు.

స్క్రీన్ దగ్గర ఆయనకి ఏం చూపిస్తున్నారో జాగ్రత్తగా గమనించండి. స్లో మోషన్ వాడాల్సింది వాస్తవాలకే: కాలు ఎక్కడ తగిలింది, బంతి చేతికి తగిలిందా లేదా. ట్యాకిల్ ఎంత బలంగా ఉంది, హ్యాండ్‌బాల్ శిక్షించాల్సిందేనా అన్నవి మామూలు వేగంలో చూడాలి. ఎందుకో మీరే పరీక్షించుకోవచ్చు. ఏ ట్యాకిల్‌నైనా పాదం తగిలిన క్షణంలో ఆపి చూడండి, ప్రతిదీ కాలు విరిచే ప్రయత్నంలాగే కనిపిస్తుంది. స్లో మోషన్‌లో ప్రతి హ్యాండ్‌బాల్‌కీ ఆటగాడు కావాలనే చెయ్యి కదిపినట్టుంటుంది, చెయ్యి తీసుకోవడానికి అతనికి బోలెడంత టైమ్ ఉన్నట్టు కూడా అనిపిస్తుంది.

2018 ప్రపంచకప్ ఫైనల్ దీనికి మంచి ఉదాహరణ. ఫ్రాన్స్, క్రొయేషియా 1-1తో ఉన్నాయి. కార్నర్ నుంచి వచ్చిన బంతి క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి తగిలింది. రిఫరీ నెస్టర్ పితానా ముందు పెనాల్టీ ఇవ్వలేదు. గది నుంచి సూచన వచ్చాక స్క్రీన్ చూశాడు, వెనక్కి తిరిగాడు, మళ్లీ స్క్రీన్ దగ్గరికే వెళ్లి ఇంకోసారి చూశాడు, ఆ తర్వాత పెనాల్టీ ఇచ్చాడు. గ్రీజ్‌మన్ గోల్ చేశాడు, ఫ్రాన్స్ 4-2తో గెలిచింది. రిఫరీకే రెండోసారి చూడాల్సి వచ్చిందంటే అది "స్పష్టమైన" తప్పెలా అవుతుంది అని అప్పుడు అడిగినవాళ్లున్నారు. నాకూ ఆ ప్రశ్నలో న్యాయం ఉందనే అనిపిస్తుంది. ఎన్నిసార్లయినా చూడొచ్చు కాబట్టి పితానా నిబంధన దాటలేదు. కానీ స్పష్టత అన్నది కొలతబద్దకి అందేది కాదని ఆ ఒక్క సీన్ చాలు చూపించడానికి.

## 6. ఎంత వెనక్కి వెళ్లొచ్చు, తలుపు ఎప్పుడు మూసుకుంటుంది

గోల్ లేదా పెనాల్టీ వచ్చినప్పుడు వీఏఆర్ వెనక్కి వెళ్లేది ఆ దాడి మొదలైన చోటికే. ఆ జట్టు బంతి దక్కించుకుని ముందుకి కదలడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి జరిగినవి చూస్తారు. మధ్యలో అవతలి జట్టు బంతిని పూర్తిగా అదుపులోకి తీసుకుంటే లెక్క అక్కడితో తెగిపోతుంది. దాడి సరిగ్గా ఎక్కడ మొదలైందన్నది కూడా అంచనాయే, కాబట్టి అదీ ఒక గొడవ.

ముందుకి వెళ్లే హద్దు మాత్రం చాలా కఠినం. ఆట ఆగి మళ్లీ మొదలైతే అంతకుముందు సంఘటన మీద రివ్యూ కుదరదు. మినహాయింపులు కొన్నే: కార్డ్ తప్పు మనిషికి ఇవ్వడం, కొట్టడం, ఉమ్మడం, కొరకడం, తీవ్రమైన దూషణ లాంటివి.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి: హద్దు విజిల్ కాదు, ఆట మళ్లీ మొదలవ్వడం. 2020 సెప్టెంబర్ 26న బ్రైటన్, మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్‌లో రిఫరీ ఆఖరి విజిల్ ఊదేశాడు. అంతకు ముందు క్షణాల్లో బ్రైటన్ ఆటగాడు మోపే చేతికి బంతి తగలడాన్ని వీఏఆర్ పట్టుకున్నాడు. విజిల్ తర్వాత పెనాల్టీ ఇచ్చారు, బ్రూనో ఫెర్నాండెజ్ కొట్టాడు, యునైటెడ్ 3-2తో గెలిచింది. విచిత్రంగా ఉన్నా అంతా నిబంధన ప్రకారమే.

### ఒక కేసు మొత్తం: టాటెన్‌హమ్, లివర్‌పూల్, 2023 సెప్టెంబర్ 30

ఇప్పటిదాకా చెప్పిన మెట్లన్నీ ఒకే మ్యాచ్‌లో కనిపించాలంటే ఇదే.

26వ నిమిషంలో లివర్‌పూల్ ఆటగాడు కర్టిస్ జోన్స్, బిసూమా మీద ట్యాకిల్ చేశాడు. జోన్స్ పాదం ముందు బంతి మీద పడి, పైనుంచి జారి బిసూమా కాలికి తగిలింది. రిఫరీ సైమన్ హూపర్ ఎల్లో ఇచ్చాడు. వీఏఆర్ స్క్రీన్ దగ్గరికి రమ్మన్నాడు. స్క్రీన్ మీద హూపర్‌కి మొదట కనిపించింది పాదం తగిలిన క్షణంలో ఆపేసిన బొమ్మ. ఎల్లో రెడ్‌గా మారింది. లివర్‌పూల్ అప్పీల్ చేసినా నిలబడలేదు. పరిధి ప్రకారం తప్పు లేదు, కానీ ముందు ఆగిన బొమ్మ చూపించి తర్వాత వీడియో చూపిస్తే మనిషి కంటికి ఏమవుతుందన్నది ఐదో మెట్టులో చెప్పిందే.

అసలు కథ 34వ నిమిషంలో. స్కోరు 0-0. సలా పాస్ అందుకుని లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తాడు. మైదానంలో నిర్ణయం: ఆఫ్‌సైడ్, గోల్ లేదు.

గదిలో వీఏఆర్ డారెన్ ఇంగ్లండ్ పాస్ ఇచ్చిన క్షణం దగ్గర ఆపించి, డిఫెండర్ పాదం దగ్గర గీత చూశాడు. డియాజ్ ఆన్‌సైడ్. ఇంతవరకు పని సరిగ్గానే జరిగింది. కానీ ఆయన మనసులో మైదానంలో నిర్ణయం 'గోల్' అని ఉండిపోయింది. ఆన్‌సైడ్ కాబట్టి మైదానం నిర్ణయం సరైనదే అనుకుని "చెక్ కంప్లీట్" అన్నాడు. చెవిలో ఆ మాట విన్న హూపర్‌కి మైదానంలో నిర్ణయం 'ఆఫ్‌సైడ్' కాబట్టి, ఆఫ్‌సైడే ఖాయమైందని అర్థమైంది. టాటెన్‌హమ్ ఫ్రీ కిక్ తీసుకుంది. ఆట మొదలైపోయింది.

తేడాని ముందుగా పసిగట్టింది రిఫరీలు కాదు, రీప్లే ఆపరేటర్. మైదానంలో ఇచ్చింది ఆఫ్‌సైడ్ కదా, ఇది మీకు సరేనా అని అడిగాడు. అప్పుడు గదిలో కలకలం. ఆట ఆపించమన్న మాట కూడా వచ్చింది. వీఏఆర్ మాత్రం ఇప్పుడేమీ చేయలేం అనే పదేపదే చెప్పాడు. ఆట మళ్లీ మొదలైంది కదా. నిబంధన అక్షరం ప్రకారం ఆయన మాట నిజమే. రిఫరీల సంస్థ పీజీఎమ్‌ఓఎల్ కొద్ది రోజులకే ఆ ఆడియో బయటపెట్టింది. మనుషుల తప్పిదమేనని మ్యాచ్ రోజే ఒప్పుకుంది.

రెండు నిమిషాల తర్వాత టాటెన్‌హమ్ గోల్ చేసింది. చివరికి అదనపు సమయంలో మాటిప్ సొంత గోల్‌తో 2-1తో గెలిచింది.

ఈ కేసులో గీత తప్పు కాదు, కెమెరా తప్పు కాదు, నిబంధన అర్థం కాకపోవడమూ కాదు. రెండో మెట్టు, అంటే మైదానంలో ఏం ఇచ్చారన్నది, ఒక్కటే తప్పిపోయింది. దాని తర్వాత వీఏఆర్ తన నిర్ణయాన్ని మైదానానికి చెప్పేముందు సహాయకుడితో ఫలితాన్ని సరిచూసుకోవాలని పద్ధతి మార్చారు.

## 7. ఆఫ్‌సైడ్ గీతను ఎంతవరకు నమ్మొచ్చు

ఆఫ్‌సైడ్ కొలత విషయం, కాబట్టి "స్పష్టమైన తప్పు" అన్న గడప దీనికి లేదు. నియమం ప్రకారం మిల్లీమీటరు ముందున్నా ఆఫ్‌సైడే. సరే. మరి కొలత ఎంత కచ్చితం?

చేతితో గీతలు గీసే పాత పద్ధతిలో ముందు పాస్ ఇచ్చిన క్షణాన్ని, అంటే పాదం బంతికి మొదట తగిలిన ఫ్రేమ్‌ని ఎంచుకోవాలి. సెకనుకి 50 ఫ్రేమ్‌లు తీసే కెమెరాలో ఒక ఫ్రేమ్‌కీ ఇంకోదానికీ మధ్య సెకనులో 50వ వంతు ఉంటుంది. సెకనుకి 8 మీటర్ల వేగంతో పరుగెత్తే ఫార్వర్డ్ ఆ కాస్త సమయంలో 16 సెంటీమీటర్లు కదులుతాడు. డిఫెండర్ ఎదురుదిశలో కదులుతుంటే తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఫ్రేమ్ ఒకటి అటూ ఇటూ అయితే, బొటనవేలంత ఆఫ్‌సైడ్ తారుమారవుతుంది. తర్వాత శరీరంలో ఏ భాగం అన్నది మనిషి ఎంచుకోవాలి. చేతులు లెక్కలోకి రావు, చంక కింది అంచు దగ్గర్నుంచి పై భాగం భుజంగానే లెక్క. చొక్కా ముడతల్లో ఆ అంచు వెతకడం ఎంత కష్టమో ఒకసారి జూమ్ చేసి చూడండి.

సెమీ ఆటోమేటెడ్ పద్ధతి ఈ ఇబ్బందిని బాగా తగ్గించింది. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో స్టేడియం పైకప్పు కింద పెట్టిన 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరం మీద 29 బిందువుల దాకా సెకనుకి 50 సార్లు గుర్తించాయి. బంతి లోపలి సెన్సర్ సెకనుకి 500 సార్లు సమాచారం పంపింది కాబట్టి తన్నిన క్షణాన్ని మనిషి ఊహించాల్సిన పని తగ్గింది. టోర్నీ మొదటి మ్యాచ్‌లోనే ఈక్వెడార్ గోల్ ఒకటి దీని వల్ల రద్దయింది. ప్రీమియర్ లీగ్‌కి ఇది 2025 ఏప్రిల్‌లో వచ్చింది.

ఇది తేల్చేది స్థానం మాత్రమే. ఆ స్థానంలో ఉన్నవాడు గోల్‌కీపర్ చూపుకి అడ్డొచ్చాడా అన్నది ఇంకా మనిషి తీర్పే.

కెమెరా కోణం గురించి ఒక మాట. 2022 డిసెంబర్ 1న జపాన్, స్పెయిన్ మ్యాచ్‌లో మితోమా గోల్ గీత దగ్గర్నుంచి బంతిని వెనక్కి తన్నాడు, తనాకా గోల్ చేశాడు. టీవీలో పక్కనుంచి చూసినవాళ్లందరికీ బంతి బయటికి వెళ్లినట్టే ఉంది. కానీ బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటితేనే బయట. బంతి నేలకి తగిలే చోటు గీత అవతల ఉన్నా, దాని పొట్ట భాగం పైనుంచి చూస్తే గీత మీదే ఉండొచ్చు. గీతకి సరిగ్గా పైన ఉన్న కోణంలో తప్ప ఇది తెలీదు. జపాన్ 2-1తో గెలిచింది, దాంతో అదే గ్రూపులో ఉన్న జర్మనీ ఇంటికెళ్లింది.

## 8. ఇన్ని ఉన్నా గొడవ ఎందుకు

హద్దు నాలుగు విషయాలకే కట్టారు, కానీ జనం వీఏఆర్ నుంచి ఆశించేది మొత్తం న్యాయం. తప్పు కార్నర్ నుంచి గోల్ పడితే వీఏఆర్ దగ్గర వీడియో ఉంది, తప్పని తెలుసు, అయినా నోరు మెదపకూడదు. వీడియో లేని రోజుల్లో ఇదే తప్పుని రిఫరీ కన్ను పొరపాటు అని సరిపెట్టుకునేవాళ్లం. ఇప్పుడు తెలిసీ వదిలేశారనిపిస్తుంది. ఆ కోపం వేరు.

ఇంకోటి, గడప ఎత్తు మనిషికో రకంగా ఉంటుంది. గడప కిందికి దించితే ఐదు నిమిషాలకోసారి ఆట ఆగుతుంది. పైకి పెంచితే తప్పులు మిగిలిపోతాయి. ఈ రెండింటి మధ్య ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు అరుస్తారు. నా వరకు గడప ఎత్తుగా ఉండటమే మేలు. రిఫరీని ఇంకో రిఫరీ మళ్లీ రిఫరీ చేయడం చూడాలని నాకు లేదు.

ఇంత తిట్టుకున్నా క్లబ్బులు దీన్ని వదులుకోలేదు. 2024 జూన్‌లో వీఏఆర్ రద్దు చేయాలని వోల్వ్స్ ప్రతిపాదన పెడితే ప్రీమియర్ లీగ్ క్లబ్బుల ఓటింగ్‌లో 19-1తో వీగిపోయింది. అనుకూలంగా పడ్డ ఆ ఒక్క ఓటు వోల్వ్స్‌దే.

## 9. తరచుగా చేసే పొరపాట్లు, సరిచేసుకునే తీరు

"స్క్రీన్ దగ్గరికి వెళ్లాడంటే నిర్ణయం మారినట్టే." ఎక్కువసార్లు మారుతుంది, ఎందుకంటే తప్పనిపించాకే పిలుస్తారు. కానీ రిఫరీ తన మాట మీద నిలబడొచ్చు. చూడాల్సింది: వెనక్కి వచ్చాక చెయ్యి ఎటు చూపిస్తున్నాడు.

"లైన్స్‌మన్ జెండా ఆలస్యంగా ఎత్తాడు, నిద్రపోతున్నాడు." కావాలనే ఆగుతాడు. గోల్ అవకాశం ఉన్న దాడిలో ఆఫ్‌సైడ్ మరీ దగ్గరగా ఉంటే, దాడి ముగిసేదాకా జెండా ఎత్తొద్దని సూచన ఉంది. ముందే ఎత్తి విజిల్ పడితే, తర్వాత ఆన్‌సైడ్ అని తేలినా పోయిన గోల్ తిరిగి రాదు.

"గోల్ ఇచ్చేశాక మళ్లీ వెనక్కి తీసుకున్నారు, మోసం." సెంటర్ కిక్‌తో ఆట మొదలయ్యేదాకా ఏ గోలూ ఖాయం కాదు. అవతలి బాక్సులో వదిలేసిన పెనాల్టీకి రివ్యూ వస్తే, ఈలోపు ఇటు కొట్టిన గోల్ కూడా పోతుంది. 2017లో ఫెయెనూర్డ్, వితెస్ మధ్య డచ్ సూపర్ కప్‌లో సరిగ్గా అదే జరిగింది: 2-0 అవ్వాల్సింది, పెనాల్టీతో 1-1 అయింది.

"మన ఐఎస్‌ఎల్‌లో వీఏఆర్ ఏం చేస్తోంది?" 2024-25 సీజన్ దాకా అక్కడ వీఏఆర్ లేనే లేదు. గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లు జరిగిన రోజుల్లో రిఫరీ స్క్రీన్ కోసం ఎదురుచూసినా లాభం ఉండేది కాదు.

## 10. మ్యాచ్ చూసేటప్పుడు చేతిలో పెట్టుకునే చెక్‌లిస్ట్

సంఘటన జరగ్గానే:

- రిఫరీ ఏం ఇచ్చాడు? విజిల్ ఊదాడా, సాగనిచ్చాడా?
- నాలుగు రకాల్లో ఇది ఏది? ఏదీ కాకపోతే రివ్యూ రాదు, టెన్షన్ పడకండి.
- ఆట మళ్లీ మొదలైందా? మొదలైతే మినహాయింపుల్లో ఉందా?

చెక్ నడుస్తుంటే:

- చెవి దగ్గర చెయ్యా, టీవీ చతురస్రమా?
- కొలత విషయమా, అభిప్రాయ విషయమా? అభిప్రాయమైతే రిఫరీ స్క్రీన్ వైపు కదులుతాడు.
- దాడి ఎక్కడ మొదలైంది? మధ్యలో బంతి చేతులు మారిందా?

నిర్ణయం వచ్చాక:

- మీరు చూసిన రీప్లే మామూలు వేగమా, స్లో మోషనా, ఆపిన బొమ్మా?
- కోణం గీతకి సూటిగా ఉందా, పక్కనుంచి ఉందా?
- రిఫరీ దీనికి విరుద్ధంగా ఇచ్చి ఉంటే, వీఏఆర్ దాన్నీ అలాగే వదిలేసేవాడా? అవును అనిపిస్తే మీ గొడవ మైదానంలోని రిఫరీతో, గదితో కాదు.